కవరింగ్ లెటర్‌లో "తగు చర్య" అని రాస్తే సరిపోదా?

శ్రీకర్: మా ఫ్యాక్టరీ 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెస్ట్ రిపోర్టు జీఎం గారికి పంపాలి. "రిపోర్టు జతచేశాను, తగు చర్య కోసం" అంటే చాలదా?

మూర్తి: చాలదు. ఏ చర్యో ఆయన 18 పేజీల రిపోర్టులో వెతుక్కోరు. అడగాల్సింది మొదటి వాక్యంలోనే అడగండి: "ఆయిల్ ఫిల్టరేషన్ కోసం వచ్చే ఆదివారం షట్‌డౌన్‌కూ, జతచేసిన కొటేషన్ ఖర్చుకూ గురువారంలోగా మీ అనుమతి కోరుతున్నాను." వెంటనే కారణం: "ఆయిల్ ఎంత వోల్టేజీకి తట్టుకుంటుందో చెప్పే బీడీవీ కనీసం 30 కేవీ ఉండాలి, మనకు 22 వచ్చింది." ఆలస్యమైతే ఏమవుతుందో ఇంకో వాక్యం. మిగతాదంతా రిపోర్టులో ఉంటుంది.

పద్మజ: ఉద్యోగం మారుతున్నారా? రెజ్యూమేతో పంపే లెటర్‌లో అనుభవం ముందు రాయండి.

రవళి: అంకెలు ఎవరు చదువుతారండీ! "ప్రమాదం" అని పెద్దక్షరాల్లో పెడితే వాళ్లే పరిగెత్తుకొస్తారు.

మూర్తి: అంకె లేకపోతే ఫైనాన్స్ వాళ్లు నమ్మరు. ఇంకోటి, శాంపిల్ సీసాలో తడి ఉన్నా బీడీవీ పడిపోతుంది. అందుకే రెండో శాంపిల్ తీశారా, ఆయిల్‌లో నీటి శాతం కూడా పెరిగిందా అన్నది లెటర్‌లో ఒక్క ముక్క ఉండాలి. అది లేకపోతే "మళ్లీ టెస్ట్ చేయించండి" అని వెనక్కి వస్తుంది.

చలపతి: మూర్తి గారూ, పెద్దవాళ్లకు "గురువారంలోగా" అని గడువు పెడతారా? ముందు విషయం, చివర్లో మనవి. అదీ పద్ధతి.

మూర్తి: గడువు ఆయనకు కాదండీ. కాంట్రాక్టర్ మెషీన్ తేవాలంటే రెండు రోజుల ముందు చెప్పాలి. ఆ కారణం కూడా రాస్తే సరి.

చలపతి: మీరు అదే పట్టుకున్నారు! నేనూ ఒకచోట తేదీతో సహా రాశాను. ఎవరూ కదల్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయాక ఆ లెటర్ ఫైల్లో ఉందని నా మీదే కోపం. ట్రాన్స్‌ఫర్ చేశారు. మీ స్పష్టత నన్ను కాపాడిందా?

మూర్తి: అన్యాయమే జరిగింది మీకు. కానీ మనల్ని కాపాడుకోడానికి కాదు లెటర్ రాసేది. 1985 జులై 31న రాకెట్ ఇంజనీర్ రోజర్ బోజొలే తన కంపెనీ వైస్ ప్రెసిడెంట్‌కు రాసిన మెమో చూడండి. రాకెట్ కీళ్లలో గ్యాస్ లీకవకుండా ఆపే ఓ-రింగ్ సమస్య ఎంత తీవ్రమో పైవాళ్లకు తెలియాలనే రాస్తున్నానని మొదటి వాక్యంలోనే అన్నాడు, దాని మీదే పనిచేసే టీమ్ కావాలని అడిగాడు.

చలపతి: అయినా 1986 జనవరిలో ఆ ఓ-రింగే విఫలమై చాలెంజర్ స్పేస్ షటిల్ పేలింది, ఏడుగురు పోయారు. నేననేదీ అదే. వినదలుచుకోనివాళ్లకు ఎలా రాసినా ఒకటే. రాసినవాడే మిగులుతాడు.

మూర్తి: వింటారో లేదో ముందే తేల్చేసి మసకగా రాస్తే, వినేవాళ్లకు కూడా అర్థం కాదు కదండీ.

శ్రీకర్: మా హెచ్‌ఓడీ తేదీ, ఖర్చు తీసేసి పంపమంటున్నారు.

మూర్తి: సంతకం ఎవరిది?

శ్రీకర్: నాదే.

మూర్తి: అయితే తేదీ ఉంచండి. కాపీ ఆయనకూ పెట్టండి.

చలపతి: శ్రీకర్, ముందు ఆయనతో నోటిమాటగా మాట్లాడు. ఆ తర్వాతే పంపు.