ట్రెడ్‌మిల్ ఫోటోలో 315 కేలరీలు: ఈ అంకె నమ్మొచ్చా?

లాసన్స్‌బే వాకర్:
మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో నడక అయ్యాక తీసిన ఫోటో పెడుతున్నాను. తెర తప్ప అందులో ఇంకేం లేదు. TIME 40:00, DISTANCE 4.00, SPEED 6.0, INCLINE 5, CALORIES 315, PULSE 0. మా ఆయన ఈ మెషీన్లన్నీ ఎక్కువే చూపిస్తాయి, సగం కొట్టేయమంటున్నారు. నాకు పట్టిన చెమట చూస్తే 315 తక్కువే అనిపిస్తోంది. ఎవరిది సరి?

గాజువాక సైక్లిస్ట్:
మీ ఆయన చెప్పిందాంట్లో నిజముందండీ. నేను వెళ్ళే జిమ్‌లో అందరం ట్రెడ్‌మిల్ అంకెలోంచి 30 శాతం తీసేస్తాం. PULSE 0 అని ఉంది చూడండి, అంటే మీ గుండె ఎంత కొట్టుకుందో కూడా దానికి తెలీదు. చేతికి వాచీ పెట్టుకోండి. అది గుండె వేగాన్ని కొలుస్తుంది కాబట్టి అది చెప్పేదే అసలు లెక్క.

సిరిపురం ట్రైనర్:
30 శాతం కోతకి ఆధారం లేదండీ. ముందు ఫోటోలో ఏముందో చూద్దాం.

నలభై నిమిషాల్లో నాలుగు కిలోమీటర్లంటే సగటు సరిగ్గా గంటకి 6. SPEED దగ్గరా 6.0 ఉంది. కాబట్టి ఈవిడ దాదాపు మొదటినుంచీ ఒకే వేగంలో నడిచారు, లేదా ముందు మెల్లగా నడిచి ఆ లోటు తర్వాత పూడ్చారు. ఈ మూడు అంకెలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటున్నాయి. INCLINE 5కి అలాంటి సాక్ష్యం లేదు. ఫోటో తీసిన క్షణంలో ఎత్తు 5 ఉందని తెలుస్తుంది, అంతే. నలభై నిమిషాలూ 5లోనే ఉందా, చివరి పది నిమిషాలకి పెంచారా అన్నది తెరమీద లేదు.

ఇక 315. చాలా మెషీన్లు ఇలాంటి అంకెని వేగం, ఎత్తు, బరువు పెట్టి లెక్కకడతాయి. ఏ కంపెనీ ఏ సూత్రం వాడుతుందో బయటికి చెప్పరు గానీ, అందరికీ తెలిసింది అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళ నడక సూత్రం:

```
VO2 = 3.5 + 0.1*S + 1.8*S*G
```

S అంటే నిమిషానికి ఎన్ని మీటర్లు, ఇక్కడ 100. G అంటే ఎత్తు, 5 శాతం కాబట్టి 0.05. మొదటి 3.5 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది, ముందుకి నడవడానికి 10, ఎక్కడానికి 9. మొత్తం 22.5. ఇది కిలో బరువుకి నిమిషానికి అయ్యే ఆక్సిజన్ ఖర్చు, మిల్లీలీటర్లలో. ఒక లీటరు ఆక్సిజన్‌కి సుమారు 5 కేలరీలు. 70 కిలోల మనిషికి నిమిషానికి ఎనిమిదికి కాస్త తక్కువ, నలభై నిమిషాలకి సరిగ్గా 315.

అంటే ఈ మెషీన్ ఈవిణ్ణి 70 కిలోల మనిషి అనుకొని ఉండొచ్చు. అమ్మా, మొదలుపెట్టేటప్పుడు బరువు నొక్కారా?

పెదవాల్తేరు:
మా మావగారు మొన్న జిమ్‌లో హ్యాండిల్ పట్టుకుంటే PULSE 158 చూపించింది. ఆయన వయసు అరవై దాటింది. ఫోటో ఉంది, పెట్టమంటారా? ప్రమాదమా కాదా చెప్పండి.

సిరిపురం ట్రైనర్:
పెట్టొద్దండీ, ఫోటో చూసి ఆ మాట ఎవరూ చెప్పకూడదు. హ్యాండిల్ మీది రేకులు చెమట చేతుల్నీ కదిలే చేతుల్నీ సరిగ్గా పట్టుకోలేవు, ఒక్కోసారి అడుగుల కదలికనే నాడి అనుకుంటాయి. అందుకని 158 తప్పు అనీ అనను, ఒప్పు అనీ అనను. ఆయనకి ఏమైనా ఇబ్బందిగా అనిపించి ఉంటే డాక్టరుగారిని అడగండి.

మధురవాడ సర్వీస్:
ట్రెడ్‌మిల్‌లు బాగుచేయడం నా పని కనుక ఒక మాట. ఆ 4.00 కిలోమీటర్లు మెషీన్ దృష్టిలో బెల్టు తిరిగిన దూరం, మనిషి నడిచినది కాదు. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో చూసి లెక్కేస్తుంది. బెల్టు వదులైతే మనిషి కాలు వేసినప్పుడల్లా కొద్దిగా జారుతుంది, తెరమీద 6.0 అలాగే ఉంటుంది. సముద్రం పక్క అపార్ట్‌మెంట్లలో జిమ్ గది కిటికీలు తెరిచే ఉంచుతారు, ఉప్పుగాలికి రోలర్లు తుప్పుపట్టడం నేను తరచూ చూస్తున్నాను.

సరిచూసుకోవడం కష్టం కాదు. బెల్టు పొడవు టేపుతో కొలవండి. అంచున చాక్‌పీస్‌తో గీత పెట్టి, 6.0 మీద ఒకరు నడుస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి ఇరవై చుట్లకి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. బెల్టు 3 మీటర్లుంటే 36 సెకన్లు రావాలి. 40 వస్తే నిజమైన వేగం 5.4. ఖాళీ బెల్టు మీద కొలిస్తే జారుడు తెలీదు, మనిషి పైన ఉండాల్సిందే.

INCLINE 5 కూడా అన్ని మెషీన్లలోనూ 5 శాతం కాదు. కొన్నిట్లో అది ఐదో మెట్టు మాత్రమే. మెషీన్ ఆపాక ఎత్తు 0లో ఒకసారి, 5లో ఒకసారి ఫోన్‌ని బెల్టు మీద పెట్టి, వాలు చూపించే యాప్‌లో తేడా చూడండి. నిజంగా 5 శాతమైతే 2.9 డిగ్రీల దగ్గర ఉంటుంది.

లాసన్స్‌బే వాకర్:
బరువు నొక్కలేదండీ, తిన్నగా START నొక్కేస్తాను. నా బరువు 56 కిలోలు. వాచీ కూడా పెట్టుకున్నాను గానీ ఫోటో తీయలేదు. అందులో యాక్టివ్ కేలరీలు 208, మొత్తం 241, అడుగులు 3100. దూరం చాలా తక్కువ చూపించింది కనుక వాచీ పాడైందనుకొని దాని సంగతి రాయలేదు.

గాజువాక సైక్లిస్ట్:
చూశారా! 315లో 30 శాతం తీస్తే 220. వాచీ 208. నేను చెప్పినదానికి దగ్గరగానే వచ్చింది.

సిరిపురం ట్రైనర్:
వచ్చింది గానీ మీరు చెప్పిన కారణంవల్ల కాదు. అదే లెక్క 56 కిలోలకి వేస్తే 252. అందులోంచి ఊరికే కూర్చున్నా అయ్యే 39 తీస్తే 213. వాచీలో యాక్టివ్ అంటే ఆ కూర్చున్న ఖర్చు తీసేసినది, మెషీన్ 315లో అది కలిసే ఉంది. రెండు వేర్వేరు సంగతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మెషీన్ అంకెని వాచీలో మొత్తం 241తో పోల్చాలి, అదీ బరువు సరిచేశాక.

మీ బరువెంత సైక్లిస్ట్ గారూ? 85 కిలోల మనిషి ఇదే నడక నడిస్తే లెక్క ప్రకారం 382 రావాలి. బరువు నొక్కకపోతే మెషీన్ అతనికీ 315 అనే చెబుతుంది. అప్పుడది తక్కువ చూపించినట్టు. దాంట్లోంచి మీరు మళ్ళీ 30 శాతం కోస్తే 220 మిగులుతుంది, ఉండాల్సినదానికీ దానికీ 160 తేడా.

గాజువాక సైక్లిస్ట్:
నేను 83. ఇది ఆలోచించాల్సిందే. కానీ వాచీ మాత్రం గుండెని చూసి చెబుతోంది కదా, దానికి మీ సూత్రంతో పనేముంది? 213కి 208 వచ్చిందంటే రెండూ నిజమేనన్నమాట.

సిరిపురం ట్రైనర్:
అక్కడే ఆగాలి. ఆ 3100 అడుగులు చూడండి. నాలుగు వేల మీటర్లని 3100తో భాగిస్తే అడుగుకి 1.29 మీటర్లు. గంటకి 6 నడకలో ఎవరూ అంత బారెడు అడుగు వేయరు. నిమిషానికి నూట ఇరవై పైన అడుగులు పడాలి, అంటే ఐదు వేలకి అటూఇటుగా. మిగిలిన అడుగులు వాచీకి ఎందుకు కనపడలేదు? మణికట్టు ఊగినప్పుడే అది అడుగు లెక్కపెడుతుంది. అమ్మా, వాచీ పాడవలేదు. మీరు ముందున్న కడ్డీ పట్టుకొని నడిచారేమో గుర్తుచేసుకోండి.

పట్టుకొని ఉంటే కథ మారుతుంది. ఎత్తు మీద కడ్డీ పట్టుకుంటే శరీరం వెనక్కి వాలుతుంది, బరువులో కొంత చేతులు మోస్తాయి, ఎక్కే పని తగ్గిపోతుంది. ఆ సూత్రం చేతులు వదిలి నడిచేవాళ్ళకి. అప్పుడు 252 పైహద్దు అవుతుంది, నిజం దానికన్నా కిందుంటుంది. ఎంత కింద అన్నది ఎంత గట్టిగా పట్టుకున్నారన్న దానిమీద ఉంటుంది.

వాచీ కొలిచేది గుండె వేగాన్ని. కేలరీలు దాన్నుంచి ఊహించేవి. మన ఊళ్ళో ఉక్కపోత రోజున ఏసీ లేని గదిలో నడిస్తే, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, ఒంటిని చల్లబరచడానికి. వాచీ దాన్ని ఎక్కువ పనిగా లెక్కేసుకోవచ్చు. చెమట సంగతీ అంతే, కారిన చెమట గది ఎంత ఉక్కగా ఉందో చెబుతుంది. కాబట్టి 208, 213 దగ్గరగా రావడం రుజువు కాదు. కడ్డీ ఒకవైపు తగ్గించి, ఉక్క ఇంకోవైపు పెంచి, రెండూ ఒకచోట కలిసి ఉండొచ్చు.

మధురవాడ సర్వీస్:
మెషీన్ 70 అనుకుందనేది కూడా మీ ఊహే కదా సార్. నేను చూసిన మోడళ్ళలో ముందే పెట్టే బరువు రకరకాలుగా ఉంటుంది. 75 అనుకొని, సగటున ఎత్తు 4 ఉండుంటే మీ సూత్రం ఎంత ఇస్తుంది?

సిరిపురం ట్రైనర్:
310. మంచి ప్రశ్న వేశారు. 315కి అది చాలా దగ్గర. తెలియనివి రెండు, మనకున్న అంకె ఒకటి. 70, 5 అన్నది సరిగ్గా అతికింది గానీ, ఈ ఫోటో ఒక్కదాన్నిబట్టి అదే అని ఖాయం చేయలేం. మెషీన్ ఏ బరువు అనుకుంటుందో సెట్టింగ్స్‌లో గానీ మాన్యువల్‌లో గానీ చూడాలి.

లాసన్స్‌బే వాకర్:
కడ్డీ పట్టుకున్న మాట నిజమే. ఎత్తు 5 పెట్టగానే పట్టుకుంటాను, లేకపోతే వెనక్కి లాగినట్టుంటుంది. ఎత్తు మాత్రం మొదటినుంచీ 5లోనే ఉంచాను. ఇంతకీ డైరీలో ఎంత రాసుకోమంటారు? సాయంత్రం ఇంకో రెండు ఇడ్లీలు తినొచ్చా లేదా అన్నది దాన్నిబట్టే చూసుకుంటున్నాను.

సిరిపురం ట్రైనర్:
నేనైతే కేలరీలు రాయను. నలభై నిమిషాలు, 6.0, ఎత్తు 5, కడ్డీ పట్టుకొని, అని రాస్తాను. అదే మెషీన్, అదే గది. వచ్చే నెలకి కడ్డీ వదిలి అదే నడక నడవగలిగితే మీకు తేడా తెలుస్తుంది. తెరమీద మాత్రం అప్పుడూ 315 అనే ఉంటుంది. కడ్డీ వదిలేటప్పుడు ఎత్తు 2కి దించి మొదలుపెట్టండి, వేగం కూడా తగ్గించండి, ఎర్ర క్లిప్పు బట్టలకి తగిలించుకోండి. ఇడ్లీల సంగతి ఈ ఫోటోతో తేలదు.

గాజువాక సైక్లిస్ట్:
అంకె లేకుండా డైరీ రాస్తే నెలకి ఎంత చేశామో ఎలా కూడుకుంటాం సార్? తప్పో ఒప్పో, రోజూ ఒకే వాచీ వాడితే ఆ తప్పు కూడా రోజూ ఒకేలా ఉంటుంది. నేను వాచీలో మొత్తం 241 రాయమంటాను.

మధురవాడ సర్వీస్:
వాచీ తప్పు రోజూ ఒకేలా ఉండదు, జనవరిలో ఒకటి, మేలో ఒకటి. పైన సారే చెప్పారు. వాకర్ గారూ, ముందు ఆ చాక్‌పీస్ గీత పెట్టి చూసి ఎన్ని సెకన్లు వచ్చాయో ఇక్కడ రాయండి. బెల్టు జారుతుంటే 4.00 కూడా పోతుంది, అప్పుడు పైన వేసిన లెక్కలన్నీ మళ్ళీ వేయాలి.