ఇద్దరూ కలిసి ఆడిన టైమ్ ఎవరి ఖాతాలో రాయాలి?

విజయవాడ పటమటలో ఉంటాం. పెద్దాడు పదో తరగతి, చిన్నాడు ఏడు. ఇంట్లో ఒకటే పీఎస్5. వారానికి మొత్తం 8 గంటలే అన్నాను. మిగతా లెక్క వాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. చెరి 4 గంటలు, ఫ్రిజ్ మీద కాగితం, ఆడిన నిమిషాలు అందులో రాయాలి.

మొదటి గొడవ ఆన్‌లైన్ ఫుట్‌బాల్‌తో వచ్చింది. మ్యాచ్ మధ్యలో ఆపితే ఓడినట్టేనని పెద్దాడు లేవడు. పీఎస్5లో పిల్లల అకౌంట్‌కి టైమ్ అయిపోగానే లాగౌట్ అయ్యేలా పెట్టొచ్చు గానీ, మ్యాచ్ పోతుంది కదా. అందుకే గుర్తుచేసే మెసేజ్ మాత్రమే పెట్టాం. "అన్నయ్యా, 12 నిమిషాలు ఎక్కువాడావు, రేపు కట్" అని చిన్నాడే పెన్నుతో రాశాడు. పెద్దాడు ఒప్పుకున్నాడు. నాకు భలే ముచ్చటేసింది.

ఇప్పుడు చిక్కల్లా ఆదివారం ఇద్దరూ కలిసి ఆడే 2 గంటలు. చెరో గంటే తగ్గించాలంటారు పిల్లలు. అప్పుడు విడిగా మూడేసి గంటలు మిగిలి, ఒక్కొక్కరు టీవీ ముందు 5 గంటలు కూర్చున్నట్టవుతుంది. చెరో రెండు తగ్గిస్తే 4 గంటలు దాటదు కానీ, కలిసి ఆడటమే మానేస్తారేమోనని నా భయం.

మీ ఇళ్లలో ఎలా లెక్కేస్తున్నారు? కాస్త చెప్పండి.