వాటర్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ బిడ్లు: స్కోర్ నేను కలిపితే ఒకరు ఫస్ట్, సారు కలిపితే ఇంకొకరు. తప్పెక్కడ?

పైపులైను: పొద్దున్నుంచి కూర్చున్నా, తేలట్లేదు. బిడ్ ఎవాల్యుయేషన్ రిపోర్ట్ రేపు కమిటీకి పంపాలి. టెక్నికల్‌కి 60, ధరకి 40 వెయిటేజ్. పేర్లు తీసేసి, ధరలను యూనిట్లుగా మార్చి రాస్తున్నా. ఎ: టెక్నికల్ 84, ధర 52. బి: 78, ధర 46. సి: 72, ధర 49. నా షీట్‌లో ఎ 76.55, బి 76.37. మా సారు చేత్తో వేస్తే బి 86.80, ఎ 85.78. ఇద్దరం ఒకే సూత్రం వాడాం, కనీస ధరను బిడ్ ధరతో భాగించి వందతో గుణించాం. మరి ఇంత తేడా ఎలా వస్తుంది?

సూటిగా: టెండర్ పత్రంలో సూత్రం ఏముందో చదవండి.

పైపులైను: చదివానండి. అదే పైన రాశాను.

ఫిల్టర్‌బెడ్: అసలు ఈ ధరల్లో కరెంటు ఖర్చు కలిసిందా? నీళ్ల ప్లాంటులో కట్టే ఖర్చు ఒకసారి పెట్టేది. పంపులు, బ్లోయర్లు, పటిక, క్లోరిన్ ఏళ్ల తరబడి తింటూనే ఉంటాయి. తక్కువ ధర వేసినవాడు ఎక్కువ హెడ్‌లాస్‌తో నీటి ఒత్తిడిని తినేసే ఫిల్టర్ పెడితే మిగిలింది మొత్తం కరెంటు బిల్లులోకే పోతుంది. ఘనపు మీటరుకు ఎన్ని యూనిట్ల కరెంటు పడుతుందో బిడ్డర్ దగ్గర గ్యారంటీ తీసుకుని, దాన్ని నేటి విలువకు మార్చి ధరకు కలపాలి. అది చేయకుండా దశాంశాల కోసం తగువెందుకు?

పైపులైను: మా టెండర్‌లో అది అడగలేదు సార్.

కొలమానం: అడగకపోతే ఇప్పుడు కలపకూడదు. ముందే ప్రకటించని ప్రమాణంతో మార్కులు వేస్తే ఓడినవాళ్ల ఫిర్యాదు నిలబడుతుంది. ఫిల్టర్‌బెడ్ గారి మాట వచ్చే టెండర్‌కి పనికొస్తుంది. పైపులైను గారూ, మీ షీట్‌లో కనీస ధర ఎంత తీసుకున్నారు? మీరిచ్చిన ముగ్గురిలో బిదే తక్కువ, కాబట్టి బికి ధర స్కోర్ 100 రావాలి. వెనక్కి లెక్క కడితే మీ షీట్‌లో బికి 73.9 వస్తోంది. అంటే 34 ధర ఎక్కడో ఉంది.

పైపులైను: అవును, డి ఉన్నాడు. అతని ధర 34. టెక్నికల్‌లో 61 వచ్చింది, కనీసం 70 కావాలి కదా, అందుకే ఇక్కడ రాయలేదు.

కొలమానం: తప్పు అక్కడే ఉంది. అర్హత తప్పినవాడి ధర కొలబద్ద కాకూడదు. 34ను కనీసంగా పెడితే అందరి ధర స్కోర్లూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. దాంతో ఎ, బిల మధ్య ధర తేడా 4.62 మార్కుల నుంచి 3.41కి పడిపోతుంది. టెక్నికల్ తేడా మాత్రం 3.6 దగ్గరే ఉంటుంది. అందుకే ర్యాంకు తిరగబడింది. షీట్‌లో B కాలమ్‌లో టెక్నికల్ స్కోర్, C కాలమ్‌లో ధర ఉన్నాయనుకుని ఇలా మార్చండి:

```
=100*MINIFS($C$2:$C$5,$B$2:$B$5,">=70")/C2
```

డి వరుసకు 100 దాటిన అంకె వస్తుంది, దాన్ని పట్టికలోంచి తీసేయండి.

సమతూకం: టెక్నికల్ స్కోర్‌ని కూడా అత్యధిక స్కోర్‌తో భాగించాలి. లేకపోతే ధరకి 100 దొరుకుతుంది, టెక్నికల్‌కి దొరకదు.

కొలమానం: ప్రపంచ బ్యాంకు నమూనా పత్రాల్లో ఆ పద్ధతి ఉంది. కానీ ఈ టెండర్‌లో రాసి ఉంటేనే వాడాలి. వాడినా బి 95.71, ఎ 95.38. బియే ముందు.

కమర్షియల్ కళ్లు: చాలామంది కమర్షియల్ అంటే ధరే అనుకుంటారు. కమర్షియల్ అంటే చెల్లింపు షరతులు, బ్యాంకు గ్యారంటీ, మినహాయింపులు. ధర ఫైనాన్షియల్ కిందకి వస్తుంది. రిపోర్ట్‌లో రెండూ కలిపేస్తే ఆడిట్‌లో ఇబ్బందే.

సూటిగా: వాళ్ల పత్రంలో ఏ పేరుంటే అదే రాయాలి.

కమర్షియల్ కళ్లు: పేరు ఏదైనా షరతులు ముందు చూడాలి. బి అడ్వాన్స్ ఎక్కువ అడిగితే 46 నిజంగా 46 కాదు.

మురుగుకాలువ: మా మురుగు శుద్ధి ప్లాంటులో ఎల్1కే, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవాడికే ఇచ్చేశాం, స్కోర్లే లేవు. మీరెందుకు పెట్టుకున్నారు?

కొలమానం: అది వేరే పద్ధతండి. పైపులైను గారూ, ఇంకో మాట. డి టెక్నికల్‌లో తప్పితే అతని ధర కవరు తెరవకుండా తిరిగి ఇవ్వాల్సింది. 34 మీకెలా తెలిసింది?

పైపులైను: అన్ని కవర్లూ ఒకే రోజు తెరిచాం.

కొలమానం: టెక్నికల్ మార్కులు వేయకముందా, తర్వాతా? రెండు కవర్ల పద్ధతిలో ముందే తెరిచి ఉంటే, ధర తెలిశాక మార్కులు వేశారన్న అభ్యంతరం వస్తుంది. తెరిచిన తేదీ, మార్కుల పట్టిక మీద సంతకాల తేదీ రెండూ రిపోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టే పెట్టండి. సూత్రం సరిదిద్దినా ఈ ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఫిల్టర్‌బెడ్: బి ఏ ఫిల్టర్ ఇస్తున్నాడో ఎవరూ అడగలేదు.

పైపులైను: షీట్ మార్చాను, బి 86.80 వచ్చింది. థ్యాంక్స్ సార్. తేదీల సంగతి సారుని అడగాలి.