వేడి గదిలో మిగిలిన మయోనైజ్ శాండ్‌విచ్‌లు: పారేయడం సరైనదేనా?

మియాపూర్ వాసి (ప్రశ్న)
మే నెల ఎండకు భయపడి మా అపార్ట్‌మెంట్ పిక్నిక్‌ను పార్కులో కాకుండా కమ్యూనిటీ హాలులో పెట్టుకున్నాం. కరెంటు పోయింది. గోడ మీది థర్మామీటరు 34 చూపించింది. నేను ఉదయం ఆరున్నరకు కోడి మాంసం ఉడికించి, చేత్తో చీల్చి, షాపు మయోనైజ్ కలిపి, శాండ్‌విచ్‌లు చేసి ఎనిమిదింటికి స్టీలు డబ్బాలో సర్దాను. రాత్రి చేసిన బంగాళదుంప సలాడ్‌ను తొమ్మిదిన్నరకు ఫ్రిజ్ నుంచి తీశాను. భోజనాలు పన్నెండు ముప్పావుకు మొదలయ్యాయి. రెండూ చెత్తబుట్టలో వేశాను. "షాపు మయోనైజ్ పులుపు, పాడవదు, అన్నం దండగ చేశావు" అని మా మరిది అందరి ముందూ అన్నాడు. ఎవరి మాట సరి?

గోదావరి గట్టు
మీ మరిది మాటే సరి. మయోనైజ్‌లో వెనిగర్ ఉంటుంది. పులుపులో క్రిములు బతకవు. మనవాళ్ళు పులిహోర కట్టుకుని తీర్థయాత్రలకు వెళ్ళేది ఎందుకు? పులుపు కాపాడుతుందనే కదా. శాండ్‌విచ్‌కు వేరే న్యాయం ఎందుకు? నలుగురి నోటి దగ్గర అన్నం పారేయడం నాకు బాధగా ఉంది.

కొత్తపేట వంటగది
పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను మన తెలంగాణలోనే నిషేధించారు కదండీ. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయిన తరువాత, 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు. అలాంటిది తెలిసి తెలిసి పిల్లలకు ఎలా పెడతారు? ఇంట్లో మిక్సీలో గుడ్డు కొట్టి చేయడం మానేయండి.

మియాపూర్ వాసి
అమ్మా, నేను గుడ్డు కొట్టలేదు. మూత తీయని షాపు సీసాయే, పైన పచ్చ చుక్క ఉన్నది, గుడ్డు లేనిది. నిషేధం పచ్చి గుడ్డుతో చేసినదానికే అని నాకు తెలుసు.

పరీక్షశాల ఉద్యోగి
నేను ఆహార పరీక్షల పనిలో ఉన్నాను. మియాపూర్ వాసి గారు పారేయడం సరైనదే. అయితే అందుకు కారణం మయోనైజ్ కాదు. ఆ మేరకు మరిది గారి మాటలో నిజం ఉంది. సీసాలోని మయోనైజ్ తగినంత పుల్లగా ఉంటుంది, అందులో క్రిములు పెరగలేవు. ఆ సీసా ఒక్కటే ఆ హాలులో ఉండి ఉంటే నాకు దిగులు ఉండేది కాదు.

గొడవంతా అందులో కలిపినదానితో. ఉడికిన కోడి మాంసంలో పులుపు లేదు, తేమ ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి. కిలో మాంసానికి కప్పు మయోనైజ్ వేస్తే దాని పులుపు మొత్తానికి సరిపోదు, పల్చబడిపోతుంది. పైన పూత పుల్లగా ఉన్నా ముక్క లోపల పులుపు తగలదు. పులిహోర సంగతి వేరు, చింతపండు పులుసు ప్రతి మెతుకుకూ పట్టి ఉంటుంది.

రెండోది చెయ్యి. మాంసం ఉడికినప్పుడు ఉన్న క్రిములు చస్తాయి. ఆ తరువాత చీల్చింది మన వేళ్ళే. స్టెఫిలోకాకస్ అనే క్రిమి ఆరోగ్యంగా ఉన్న చాలామంది ముక్కులోనే ఉంటుంది, గోరు పక్క చిన్న పుండులోనూ ఉంటుంది. చేతి నుంచి మాంసానికి చేరి, వెచ్చని చోట పెరిగి, విషాన్ని వదులుతుంది. వాసన మారదు, రుచి మారదు. తిరిగి వేడి చేస్తే క్రిమి చస్తుంది కానీ విషం పోదు. అందుకే "పెనం మీద కాల్చి తినేద్దాం" అనే ఉపాయం ఇక్కడ పనికిరాదు.

డాలస్ ఆంటీ
ఇక్కడ వేసవి పిక్నిక్‌లలో బంగాళదుంప సలాడ్ లేని బల్ల ఉండదు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది సూటిగా ఉంటుంది: పాడయ్యే ఆహారం బయట రెండు గంటలు మించకూడదు, వేడి 32 దాటితే ఒక్క గంటే. మీ హాలు 34 అన్నారు. ఇంక వాదన ఎందుకు?

గోదావరి గట్టు
నేను నలభై ఏళ్ళుగా పెళ్ళి భోజనాలు చూస్తున్నాను. పొద్దున వండినది మధ్యాహ్నం తింటాం. గంట లెక్క పెట్టుకుంటే ఎవరికీ అన్నం దొరకదు.

పరీక్షశాల ఉద్యోగి
గోదావరి గట్టు గారూ, పెళ్ళి వంట పొయ్యి మీద సెగతో ఉంటుంది, వేడివేడిగా వడ్డిస్తారు. 60 డిగ్రీలకు పైన ఉన్నంతసేపు భయం లేదు. శాండ్‌విచ్ అటు వేడిగానూ ఉండదు, ఇటు చల్లగానూ ఉండదు.

మియాపూర్ వాసి గారి రెండు పదార్థాలకూ గడియారం వేరువేరుగా లెక్కించాలి. శాండ్‌విచ్‌లు ఫ్రిజ్ మొహమే చూడలేదు కనుక మాంసం చల్లారడం మొదలైనప్పటి నుంచి లెక్క. ఏడు గంటలనుకున్నా దాదాపు ఆరు గంటలు. పైగా గోరువెచ్చగా ఉండగానే స్టీలు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి మూత పెట్టారు. నడుమ ఉన్నవి ఎంతకీ చల్లారవు. అది నాకు అన్నిటికన్నా దిగులు కలిగించింది. సలాడ్ రాత్రంతా చల్లగా ఉంది, గడియారం తొమ్మిదిన్నరకు మొదలైంది. పన్నెండు ముప్పావు అంటే మూడుంబావు గంటలు. అందులో చుట్టూ మంచు ఉండి ఉంటే నేనే తిని ఉండేవాడిని. మంచు లేదు కనుక తినను.

తెనాలి తాతయ్య
మా మనవడు హాస్టల్‌లో షవర్మా తిని రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. అది కూడా మయోనైజ్ వల్లేనా? సాయంత్రం ఆరింటికి తిన్నాడు, తొమ్మిదికి మొదలయ్యాయి, జ్వరం లేదు, తెల్లారేసరికి తేరుకున్నాడు.

పరీక్షశాల ఉద్యోగి
తాతయ్య గారూ, ఏ పదార్థం వల్లో ఇక్కడి నుంచి చెప్పలేను. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో హఠాత్తుగా వాంతులు, ఒక్క రోజులో తేరుకోవడం, ఇది నేను పైన చెప్పిన విషం తీరు. సాల్మొనెల్లా అయితే సాధారణంగా ఇంకా ఆలస్యంగా, జ్వరంతో, విరేచనాలతో వస్తుంది. విరేచనంలో రక్తం కనబడినా, జ్వరం బాగా పెరిగినా, పిల్లలకు మూత్రం తగ్గినా ఓఆర్ఎస్ పట్టిస్తూ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

డాలస్ ఆంటీ
మేము మాంసాన్ని ముందురోజే వండి, వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచి ఫ్రిజ్‌లో పెడతాం. లోతు డబ్బాలో వేస్తే నడుమ భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. మర్నాడు ఆ మాంసాన్ని చల్లని పెట్టెలో, నీళ్ళ సీసాలు గడ్డకట్టించి చుట్టూ పెట్టి తీసుకువెళ్తాం. మయోనైజ్ చిన్న పొట్లాలు విప్పకుండా విడిగా ఉంటాయి. తినేముందు అక్కడే, శుభ్రమైన చెంచాతో కలుపుతాం. ఎవరికి కావలసినంత వాళ్ళే చేసుకుంటారు. పిల్లలకు అదే సంబరం.

మియాపూర్ వాసి
ఇది చేయగలను. మరొకటి అడగనా? అదే డబ్బాలో మా పక్కింటావిడ చేసిన కీర దోసకాయ, మయోనైజ్ శాండ్‌విచ్‌లు కూడా ఉన్నాయి, మాంసం లేదు. వాటిని కూడా పారేశాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు.

గోదావరి గట్టు
అవి తప్పకుండా తినవలసినవే! పచ్చి కూర, పులుపు, రొట్టె. ఇందులో మాంసం ఎక్కడ?

పరీక్షశాల ఉద్యోగి
వీటి విషయంలో నేను గట్టిగా చెప్పలేను. మాంసం, గుడ్డు, పన్నీరు లేకపోతే ప్రమాదం చాలా తగ్గుతుంది. కానీ కీరను కూడా చేత్తోనే తరిగారు, అది వదిలే నీరు మయోనైజ్ పులుపును పల్చబరుస్తుంది. పైగా కోడి మాంసం ముక్కల పక్కనే, అదే డబ్బాలో ఉన్నాయి. విడిగా ఉండి ఉంటే పెద్దవాళ్ళు తిన్నా నేను అడ్డుపడేవాడిని కాను. చంటిపిల్లలకు, గర్భిణులకు మాత్రం పెట్టను.

డాలస్ ఆంటీ
నేనైతే విడిగా ఉన్నా పారేసేదాన్ని. గంట దాటితే దాటినట్టే.

గోదావరి గట్టు
కోడి మాంసం సంగతి ఒప్పుకుంటున్నాను, ఆరు గంటలు ఎక్కువే. కీర దోసకాయ విషయంలో మాత్రం ఒప్పుకోను.