ఫైబర్ లైన్‌లో ఫాల్ట్ ఉన్నా ఫిర్యాదు మూసేస్తున్నారు, పైకి పంపించడం ఎలా?

మాది అమలాపురం దగ్గర పల్లె. వాన పడిన రాత్రి నెట్ పోతుంది, ONT మీద `LOS` లైటు ఎర్రగా వెలుగుతుంది. ఎండ కాస్తే మళ్ళీ వస్తుంది. ONT పేజీలో `Rx Power` పొడి రోజున -22 dBm, వాన తర్వాత -29 dBm. సాధారణంగా -27 దాటి పడిపోతే లింక్ నిలవదు కదా. కాలువ గట్టు మీద స్తంభానికి ఉన్న జాయింట్ పెట్టెలోకి నీళ్ళు దిగుతున్నాయని నా అనుమానం.

రీస్టార్ట్ చేశాను, ఇంట్లో ప్యాచ్ కార్డ్ మార్చాను, అడాప్టర్ కూడా మార్చాను. రీడింగ్ మారలేదు. అదే పెట్టె నుంచి లైన్ తీసుకున్న పక్కింటివాళ్ళకీ అదే సమయంలో పోతోంది, కాబట్టి తప్పు మా ఇంట్లో లేదు.

కస్టమర్ కేర్‌కి చెబితే డాకెట్ నంబర్ ఇస్తారు. కానీ మర్నాడు ఎండలో చెక్ చేసి "సరిగానే ఉంది" అని మూసేస్తారు. ఇదే నాకు టెన్షన్.

ఇప్పుడు అప్పిలేట్ అథారిటీకి రాయబోతున్నాను. డాకెట్ నంబర్లు, పోయిన సమయాలు, రెండు రకాల రీడింగుల స్క్రీన్‌షాట్లు, స్తంభం లొకేషన్, పక్కింటివాళ్ళ సంగతి పెడుతున్నాను. ఈసారి స్ప్లైసింగ్ టీమ్ పెట్టె దాకా రావాలంటే ఇంకా ఏ వివరం రాయాలి?