నిపుణుల నిర్ణయంలో కోర్టు వేలు పెట్టొచ్చా?

నిలకడ: క్రిప్టో మీద ఆర్బీఐ ఇచ్చిన సర్క్యులర్‌ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది కదా. బ్యాంకింగ్ గురించి ఆర్బీఐ కంటే జడ్జీలకు ఎక్కువ తెలుసా? ఇలాంటి వాటిలో కోర్టు వేలు పెట్టడం సబబేనా?

పాతఫైలు: సబబు కాదు. ఆర్థిక చట్టాల విషయంలో ఎక్కువ వెసులుబాటు ఇవ్వాలని 1981లో ఆర్.కె. గార్గ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో వాటాల అమ్మకం మీద 2001లోనూ అదే మాట. విధానం తెలివైనదా కాదా అని తేల్చడం కోర్టు పని కాదు. ఇందులో చర్చించడానికి ఏముంది?

చేదుమాత్ర: సార్, మీకు ఏముందో నాకు తెలీదు గానీ, నాకు ఉంది. ఆ సర్క్యులర్ పేరు చెప్పి మా బ్యాంకు నా ఖాతా ఆపేసింది. జీతం పడే ఖాతా అది. నేను దొంగనా?

గాలిపటం: క్రిప్టో చట్టబద్ధమని కోర్టే చెప్పేసిందిగా, ఇంకేంటి గొడవ?

తాళపత్రం: గాలిపటం గారూ, అలా చెప్పలేదు. అసలు ఆర్బీఐ క్రిప్టోను నిషేధించనే లేదు. 2018 ఏప్రిల్ 6న బ్యాంకులకు ఒక మాట చెప్పింది: ఈ వ్యాపారం చేసేవాళ్లకు సేవలు ఇవ్వొద్దు, ఇప్పటికే ఇస్తుంటే మూడు నెలల్లో బయటికి రండి అని. వ్యాపారం నేరం కాదు, కానీ దానికి బ్యాంకు ఖాతా ఉండదు. క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు నడిపే ఎక్స్ఛేంజీలకు ఊపిరి ఆగింది అక్కడే.

పాతఫైలు గారు అనుకుంటున్నట్టు కోర్టు ఆర్బీఐని తీసిపారేయలేదు. ఆ అధికారం ఆర్బీఐకి లేదన్న వాదనను ఒప్పుకోలేదు. బుర్ర పెట్టి ఆలోచించలేదన్న వాదననూ ఒప్పుకోలేదు, ఎందుకంటే 2013 నుంచే హెచ్చరికలు ఇస్తూ వచ్చింది. నష్టం జరగకముందే అడ్డుకట్ట వేయొచ్చని కూడా చెప్పింది. పిటిషనర్లు గెలిచింది ఒక్క చోటే: రోగానికి మందు మోతాదు మించిందా? ఆర్బీఐ పరిధిలోని బ్యాంకుల్లో ఏ ఒక్కదానికైనా ఈ ఎక్స్ఛేంజీల వల్ల దెబ్బ తగిలిందని ఆర్బీఐ చూపలేకపోయింది. అంటే కోర్టు బ్యాంకింగ్ నేర్పలేదు, లెక్క చూపించమంది. ఇంకోటి, గార్గ్ కేసులో వెసులుబాటు అన్నది పార్లమెంటు చేసిన చట్టానికి. ఇది సర్క్యులర్.

పాతఫైలు: చట్టమా, సర్క్యులరా అని మళ్లీ అక్షరాలు లెక్కపెట్టడమే! దెబ్బ తగిలే వరకు ఆగాలా? ఇల్లు కాలాక బావి తవ్వమంటారా?

తాళపత్రం: ముందే అడ్డుకోవచ్చని కోర్టే ఒప్పుకుందన్నాను కదా, చదివారా? అన్నేళ్లుగా పొగ ఎక్కడా కనిపించకపోయినా మొత్తం దారి మూసేస్తే, ఇంతకంటే చిన్న తాళం ఏదైనా ఆలోచించారా అని అడగడం తప్పెలా అవుతుంది?

నిలకడ: మరి నోట్ల రద్దులో? 2023లో నలుగురు సరేనన్నారు, జస్టిస్ నాగరత్న ఒక్కరే కాదన్నారు. అక్కడ లెక్క ఎందుకు అడగలేదు?

తాళపత్రం: అక్కడా తగిన మోతాదేనా అని చూశారు, సరేనన్నారు. ఇక్కడ గట్టిగా, అక్కడ మెత్తగా ఎందుకు చూశారంటే, నాకూ సంతృప్తికరమైన జవాబు లేదు.

పాతఫైలు: ఒప్పుకున్నారు, సంతోషం. ఇప్పుడు నా సంగతి వినండి. నేను బ్యాంకులోనే రిటైరయ్యాను. ఒక చిన్న బ్యాంకు మునగడం కళ్లారా చూశాను. ముందురోజు వరకు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఒక్క ఎర్ర గీత లేదు. మర్నాడు ఒక పెద్దాయన పాస్‌బుక్ పట్టుకుని కౌంటర్ దగ్గరే కూర్చుండిపోయాడు. ‘దెబ్బ చూపించు’ అంటే, ఆ రోజు నేను ఏం చూపించేవాణ్ణి? కోర్టు పొరపాటు పడితే ఆ పెద్దాయనకు జవాబు చెప్పేది కోర్టు కాదు, నేను.

తాళపత్రం: ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ పడేవాళ్లం కాదు. అంటే మీ అభ్యంతరం కోర్టు మీద కాదు, రుజువు భారం ఎవరి మీద ఉండాలన్నదాని మీద. నేను ఇప్పటికీ ఆపేవాడి మీదే అంటాను. దారి మూసినవాడికే కాగితాలు చేతిలో ఉంటాయి.

పాతఫైలు: కాగితాలు ఉంటాయి, భవిష్యత్తు ఉండదు. నేను మారను.

చేదుమాత్ర: మీరిద్దరూ బాగానే ఉన్నారు. నా సంగతి పూర్తిగా చెప్పలేదు. నా ఖాతా ఆగింది 2021లో. అంటే కోర్టు కొట్టేసిన ఏడాది తర్వాత, చచ్చిన సర్క్యులర్ నంబరు వేసి ఉత్తరం పంపారు! ఆ సర్క్యులర్‌ను ఉదహరించొద్దని 2021 మే 31న ఆర్బీఐయే బ్యాంకులకు చెప్పింది. ప్రింటు తీసుకుని బ్రాంచికి వెళ్లాను. ఆఫీసర్ గారు కింది పేరా మీద వేలు పెట్టారు: కస్టమర్ వివరాల తనిఖీ మాత్రం బ్యాంకులు కొనసాగించుకోవచ్చు అని ఉంది. ‘అయితే ఇది ఆ సర్క్యులర్ కాదు, కేవైసీ’ అన్నారు.

గాలిపటం: ఖాతా తెరిచారా చివరికి?

చేదుమాత్ర: వేరే బ్యాంకులో.