అమ్మ బోదకాలు వేళ్ళ సందుల్లో తడి ఆరడం లేదు, ఎలా ఆరబెట్టాలి?

మాది కోనసీమ. అమ్మకి ఎడమ కాలు బోదకాలు, చాలా ఏళ్ళది. ఇదివరకు వానాకాలం వస్తే చాలు, ఉన్నట్టుండి చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలు ఎర్రగా కాలిపోవడం. అది దోమ వల్ల మళ్ళీ రావడం కాదని, వేళ్ళ మధ్య ఒరుసుకున్న చోట నుంచి బాక్టీరియా లోపలికి పోయి వస్తుందని, అలా వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకాస్త పెరుగుతుందని మా ఏఎన్‌ఎం గారు చెప్పారు.

అప్పటి నుంచి రోజూ రాత్రి మామూలు నీళ్ళు, సబ్బుతో మెల్లగా కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, పడుకునేటప్పుడు కాలి కింద దిండు పెడుతున్నాం. వాపు పూర్తిగా పోదని తెలుసు, కానీ జ్వరాలు బాగా తగ్గాయి, వాసన లేదు, అమ్మ పేరంటాలకి కూడా వెళ్తోంది.

సమస్య ఏంటంటే, చిటికెన వేలు పక్కన మడత చాలా లోతు, గుడ్డ లోపలికి వెళ్ళదు, పొద్దున చూస్తే చర్మం తెల్లగా నాని చీలి ఉంటోంది. ఫంగస్ క్రీమ్ తడి మీద నిలవట్లేదు. గాజుగుడ్డ పీలికలు దూర్చి తుడవచ్చా? ఫ్యాన్ గాలికి పెడితే చాలా? ఇంట్లో చేస్తున్నవాళ్ళు చెప్పండి.

ఇంకోటి, మా బాబాయికి వరిబీజం. ఆయన కూడా కడుగుడుతో తగ్గుతుందని ఆపరేషన్ వాయిదా వేస్తున్నాడు. దానికి ఆపరేషనే దారి కదా, చేయించుకున్నవాళ్ళు ఎన్నాళ్ళకి పొలం పనికి వెళ్ళారు?